రాజీనామా ఒక పేజీ, అప్పగింత నాలుగు పేజీలు

హైదరాబాదులో పెద్ద కంపెనీ వదిలి వెళ్లే టీమ్ మేనేజరుకు అప్పగింత కోసం ఫారాలుంటాయి, వాటిని అడిగి తీసుకునే హెచ్ఆర్ వాళ్లుంటారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు యూనిట్లలో, రొయ్యల ఫీడు డీలర్ల దగ్గర, రైస్ మిల్లుల్లో పనిచేసే మేనేజరుకు ఆ సౌకర్యం లేదు. డొక్కలవాళ్లకు ఇచ్చిన అడ్వాన్సు ఆయన చిట్టాలో ఉంటుంది. జీఎస్టీ ఓటీపీ ఆయన ఫోనుకే వస్తుంది. కూలీలకు ఇచ్చిన మాట ఆయనకూ వాళ్లకూ తప్ప యజమానికి కూడా తెలియదు. అలాంటి మనిషి "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని రెండు వాక్యాలు రాసిచ్చి వెళ్లిపోతే, ఆ తర్వాత మూడు నెలలు ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది. కొత్త ఉద్యోగంలో కూర్చుని పాత ఉద్యోగం చేయాల్సి వస్తుంది.

ఈ అధ్యాయంలో ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. అంబాజీపేట దగ్గర ఒక యూనిట్ అనుకోండి. డొక్కల నుంచి పీచు తీస్తారు. మిగిలిన పొట్టును కడిగి, ఆరబెట్టి, 5 కిలోల దిమ్మలుగా నొక్కి విదేశాలకు పంపుతారు. మట్టికి బదులుగా మొక్కలు పెంచడానికి వాడే కోకోపీట్ ఇదే. అక్కడ ప్రొడక్షన్ మేనేజరు ఆరేళ్లుగా పనిచేస్తున్నారు. ఆయన కింద ఇద్దరు సూపర్‌వైజర్లు, ముప్పై మంది దాకా కూలీలు ఉన్నారు. విశాఖలో వేరే ఉద్యోగం వచ్చింది. అపాయింట్‌మెంట్ ఆర్డరు ప్రకారం నెల నోటీసు ఇవ్వాలి. యూనిట్‌కు పేరు పెట్టలేదు, ఎందుకంటే ఇది కల్పించిన ఉదాహరణ. పనులు మాత్రం ఆ ప్రాంతపు యూనిట్లలో మామూలుగా ఉండేవే.

లేఖలో పెండింగు పనుల చిట్టా పెట్టకండి

చాలామంది చేసేది ఏమిటంటే, రాజీనామా లేఖలోనే మిగిలిన పనులన్నీ రాసి, "ఇవి పూర్తి చేసి బాధ్యతల నుంచి తప్పుకుంటాను" అని ముగిస్తారు. చదవడానికి బాధ్యతగా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క వాక్యంతో మీ ఆఖరి రోజు మీ చేతిలోంచి జారిపోతుంది. కంటైనరు ఆలస్యమైతే మీరు ఆగాలి. బ్యాంకు వాళ్లు తనిఖీకి రాకపోతే మీరు ఆగాలి. యజమాని చెడ్డవాడు కానక్కర్లేదు. "నువ్వే కదా రాశావు, ఆ పని కానీ" అంటే మీ దగ్గర జవాబుండదు.

అందుకని రెండు కాగితాలు వేరుగా ఉండాలి. లేఖలో మీరు వెళ్తున్న తేదీ ఉంటుంది, అది ఒక పేజీ దాటదు, ఒకసారి ఇచ్చాక మారదు. అప్పగింత పత్రం దానికి జతపరచినది. అది వారం వారం మారుతుంది, కొత్తగా వచ్చేవాళ్ల బల్ల మీద ఉంటుంది. లేఖలో దాని ప్రస్తావన ఒక్క వాక్యంలో వస్తే చాలు.

తేదీ ఎంత స్పష్టంగా ఉండాలో చెప్పడానికి ఒక పాత కేసు పనికొస్తుంది. అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి సతీశ్ చంద్ర 1977 మేలో రాజీనామా రాస్తూ, అది ఆగస్టు 1 నుంచి అమలవుతుందని పేర్కొన్నారు. జులైలో మనసు మార్చుకుని దాన్ని వెనక్కి తీసుకున్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముందు తేదీతో ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ వచ్చేలోపు వెనక్కి తీసుకోవచ్చని 1978లో కోర్టు చెప్పింది. ప్రైవేటు ఉద్యోగంలో మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులోని షరతులే ముందు చూస్తారు. అయినా ఆ కేసు నుంచి మనం నేర్చుకునేది ఒకటుంది. లేఖ ఇచ్చిన తేదీ వేరు, అది అమలయ్యే తేదీ వేరు. రెండూ విడివిడిగా, అంకెల్లో రాయాలి. "వచ్చే నెలాఖరుకల్లా", "వీలైనంత త్వరగా" లాంటి మాటలకు ఇందులో చోటు లేదు.

మన మేనేజరు మార్చి 2న లేఖ ఇచ్చి, మార్చి 31ని ఆఖరి రోజుగా పెట్టుకున్నారు. ఆ తేదీకి రెండు కారణాలున్నాయి. ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కాబట్టి ఎలాగూ స్టాకు లెక్క తీయాలి, అదే లెక్క అప్పగింతకూ పనికొస్తుంది. రెండోది కోనసీమకే సంబంధించిన కారణం. సాధారణంగా ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం గోదావరి కాలువలు కట్టేస్తారు, మళ్లీ జూన్ మొదట్లో నీళ్లు వదులుతారు. పొట్టు కడగడానికి మంచినీళ్లు కావాలి. కాలువ ఆగాక బోరు నీళ్లతో కడిగితే, సముద్రానికి దగ్గరున్న మండలాల్లో ఆ నీటి ఉప్పు పొట్టులోకి చేరుతుంది. కాబట్టి కడిగే పని మార్చిలోనే తేల్చి వెళ్తే, వచ్చేవారికి మొదటి నెలలోనే గండం ఉండదు. మీ యూనిట్‌లో కూడా పని ఏ వారంలో తెగుతుందో చూసుకుని తేదీ పెట్టండి. రొయ్యల చెరువుల పనిలో ఉంటే పట్టుబడి అయ్యాక, రైస్ మిల్లులో ఉంటే కొనుగోలు సీజను దాటాక తేదీ పెట్టుకుంటే మంచిది.

లేఖ ఇలా ఉంటుంది

తేదీ: 02-03-2026

మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి,

విషయం: ప్రొడక్షన్ మేనేజర్ ఉద్యోగానికి రాజీనామా

అయ్యా,

నేను ప్రొడక్షన్ మేనేజర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా అపాయింట్‌మెంట్ ఆర్డరులోని నెల నోటీసు షరతు ప్రకారం 31-03-2026 పనివేళలు ముగిసేసరికి ఉద్యోగం నుంచి తప్పుకుంటాను.

ప్రస్తుతం నడుస్తున్న పనుల వివరాలు, బాధ్యతలు అప్పగించే ప్రణాళిక ఈ లేఖకు జతపరిచాను. 09-03-2026లోపు నా స్థానంలోకి వచ్చేవారిని, లేదా తాత్కాలికంగా చూసుకునేవారిని నియమిస్తే, మూడు వారాలు వారితో కలిసి పనిచేసి అప్పగిస్తాను.

ఈ లేఖ అందినట్టు, పైన చెప్పిన ఆఖరి తేదీకి అంగీకరించినట్టు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. ఆరేళ్లుగా నాకిచ్చిన అవకాశానికి కృతజ్ఞతలు.

ఇట్లు,
(సంతకం)

జత: అప్పగింత పత్రం, 4 పేజీలు

ఇందులో లేనివి కూడా గమనించండి. కొత్త కంపెనీ పేరు లేదు, జీతం సరిపోలేదన్న ఫిర్యాదు లేదు, ఫలానా సూపర్‌వైజరు వల్ల పని నడవడం లేదన్న ఆరోపణ లేదు. ఇలాంటివి చెప్పాల్సి ఉంటే యజమానితో ఎదురుగా కూర్చుని చెప్పండి. కాగితం మీద రాస్తే అది ఫైల్లో మిగిలిపోతుంది. అలాగే "పెండింగు పనులన్నిటికీ నాదే బాధ్యత" అని వినయంగా రాయకండి. రేపు స్టాకులో తేడా వచ్చినా, ఆర్డరు చెడినా ఆ వాక్యాన్నే బయటకు తీస్తారు.

లేఖను చేతికి ఇచ్చి, రెండో కాపీ మీద "అందినది" అని సంతకం, తేదీ వేయించుకోండి. అదే రోజు ఈమెయిల్లో కూడా పంపండి. వాట్సాప్‌లో మాత్రమే పంపి ఊరుకోకండి.

ఒక్కో పనికి నాలుగు ప్రశ్నలు

ఇప్పుడు అసలు పని, అప్పగింత పత్రం. పెండింగు పనుల జాబితాలు సాధారణంగా ఇలా ఉంటాయి: "1. ఎక్స్‌పోర్ట్ ఆర్డరు – నడుస్తోంది. 2. సబ్సిడీ – పెండింగు. 3. డొక్కల సరఫరా – ఫాలోఅప్ చేయాలి." ఇది చదివిన కొత్త మేనేజరుకు తెలిసేది శూన్యం. ప్రతి పనికీ వెంటనే మీకే ఫోను చేస్తాడు.

ఒక్కో పని కింద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ రోజుకు పని ఎక్కడుంది? తర్వాత వేయాల్సిన ఒకే ఒక్క అడుగు ఏది? బయట దీని కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? ఏ రోజు దాటితే చెడుతుంది? ఈ నాలుగూ రాయలేకపోతే ఆ పని మీకే పూర్తిగా తెలియదన్నమాట. ముందు మీరు కనుక్కోవాలి.

మన యూనిట్‌లో అతి పెద్ద పని ఒక కంటైనరు ఆర్డరు. దాన్ని మేనేజరు ఇలా రాశారు:

"40 అడుగుల కంటైనరు, 5 కిలోల దిమ్మలు 4,800, మొత్తం 24 టన్నులు. మార్చి 2 నాటికి 3,100 దిమ్మలు నొక్కి, షెడ్డులో చెక్క ప్యాలెట్ల మీద ఉన్నాయి. ఇంకా 1,700 కావాలి, అంటే 8.5 టన్నుల ఎండిన పొట్టు. ఆ పొట్టు కడగడం అయింది, కళ్లంలో ఆరుతోంది. 9వ తేదీకి ప్రెస్సుకు వస్తుంది. ప్రెస్సు షిఫ్టుకు 250 దిమ్మలు ఇస్తుంది కాబట్టి ఏడు షిఫ్టులు పడుతుంది. 9 నుంచి 14 వరకు ఆరు, 16న ఏడోది. 19న ఉగాది, ఆ రోజు కూలీలు రారు, ముందు రోజు కూడా సగం మందే వస్తారు. 24న కంటైనరు వస్తుంది.

కొనుగోలుదారు షరతు ఏమిటంటే ఈసీ 0.5 దాటకూడదు. ప్రెస్సులో వేసే ముందే ప్రతి కుప్ప నుంచి మూడు చోట్ల పొట్టు తీసి మీటరుతో చూడాలి. నొక్కాక తేడా కనిపిస్తే దిమ్మను పగలగొట్టి, మళ్లీ కడిగి, మళ్లీ ఆరబెట్టాలి. అంటే కనీసం వారం పోతుంది. మీటరు ఆఫీసు బీరువాలో కింది అరలో ఉంది, దాన్ని సరిచూసే ద్రావణం సీసా పక్కనే ఉంది.

తర్వాతి అడుగు: 9న ఉదయం ప్రెస్సు మొదలుపెట్టే ముందు ఈసీ పరీక్ష. ఎదురుచూసేవారు: కొనుగోలుదారు తరఫు ఏజెంటు, ఫైటోశానిటరీ తనిఖీ అధికారి, ట్రాన్స్‌పోర్టు వాళ్లు. చెడే రోజు: 16. ఆ సాయంత్రానికి 4,800 కాకపోతే మర్నాడే ఏజెంటుకు చెప్పి తేదీ మార్పించాలి. 24న చెప్తే కంటైనరు ఖాళీగా నిలబడినందుకు కట్టాల్సి వస్తుంది."

ఇందులో పదాలు ఎక్కువే. కానీ చదివినవాడు మేనేజరు పక్కన లేకుండానే 9వ తేదీ పొద్దున పని మొదలుపెట్టగలడు. ముఖ్యంగా గమనించాల్సింది చెడే రోజు. మేనేజరు దాన్ని 24గా రాయలేదు, 16గా రాశారు. పైకి కనిపించే గడువు 24. కానీ ఇబ్బంది వస్తే దిద్దుకోవడానికి వీలుండే ఆఖరి రోజు 16. కొత్తవారికి తెలియాల్సింది ఆ రెండో తేదీ. ఆరేళ్లు పనిచేసినవాళ్లకు అది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, అందుకే కాగితం మీదికి ఎక్కదు.

అన్ని పనులూ ఇంత పొడుగు అక్కర్లేదు. రెండో పనికి అరపేజీ చాలింది. యూనిట్‌కు ఒక సబ్సిడీ పథకం కింద బ్యాంకు అప్పు ఉంది. ఆ పథకంలో సబ్సిడీ సొమ్ము వెంటనే చేతికి రాదు. యూనిట్ పేరు మీద బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, తనిఖీ అయ్యాక అప్పులో సర్దుబాటు అవుతుంది. ఈ డిపాజిట్‌కు మే నెలలో మూడేళ్లు నిండుతాయి. తనిఖీకి వచ్చినవారికి మెషినరీ బిల్లులు, ఫొటోలు, కూలీల హాజరు పట్టిక చూపించాలి. ఫైలు ఎక్కడుందో, అందులో ఏ బిల్లు తగ్గిందో రాశారు. తగ్గిన బిల్లును మార్చి 20లోపు డీలరు నుంచి తెప్పించడం తన వంతు అని ఒప్పుకున్నారు. మిగతాది వచ్చేవారి పని.

మూడోది కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నిర్వహణ అనుమతి రెన్యువల్. దానికి గడువు తేదీ, దరఖాస్తు లాగిన్ ఎవరి ఈమెయిల్ మీద ఉంది, ఈ రెండు వాక్యాలు సరిపోయాయి.

నోటిమాట ఒప్పందాలు

కోనసీమలో వ్యాపారం చాలావరకు మాట మీద నడుస్తుంది. కాబట్టి అప్పగింత పత్రంలో అన్నిటికంటే ముఖ్యమైన పేజీ, కంప్యూటర్లో ఎక్కడా లేని పేజీ. మన మేనేజరు తన ఫోను తెరిచి, గత రెండు నెలల్లో తరచూ మాట్లాడిన ప్రతి నంబరు పక్కన "ఈ మనిషికి నేనేం మాటిచ్చాను?" అని ప్రశ్న వేసుకుంటూ పోయారు. మూడు ముఖ్యమైనవి బయటపడ్డాయి.

ఒకటి డొక్కల అడ్వాన్సు. లంక గ్రామం నుంచి డొక్కలు తోలే ఒకాయనకు పండుగ ముందు 60,000 రూపాయలు ఇచ్చారు. లోడుకు 5,000 చొప్పున తగ్గించుకోవాలని మాట. ఇప్పటికి ఎనిమిది లోడ్లు వచ్చాయి, అంటే 40,000 తీరింది, 20,000 మిగిలింది. రాబోయే నాలుగు లోడ్ల నుంచి తగ్గించాలి. ఖాతా పుస్తకంలో ఇచ్చిన 60,000 ఒక్కటే ఉంది, లోడుకు ఎంత తగ్గించాలన్నది లేదు. కొత్తవారు ఆ పుస్తకం చూసి మొత్తం ఒకేసారి పట్టుకుంటే ఆయన తన డొక్కలు పక్క యూనిట్‌కు తోలేస్తాడు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరద వచ్చి లంకలకు దారులు మూసుకుపోతాయి. ఆ రోజులకు సరిపడా డొక్కలు ముందే నిల్వ చేసుకోవాలంటే ఈ మనిషితో మంచిగా ఉండాలి.

రెండు, కళ్లం. పొట్టు ఆరబెట్టే స్థలం పక్క రైతుది. కాగితం లేదు. మే నెలాఖరుదాకా వాడుకోవచ్చని, కాలువ వదిలాక నారుమడికి ఖాళీ చేయాలని మాట. మార్చిదాకా అద్దె ఇచ్చేశారు. జూన్ నుంచి ఎక్కడ ఆరబెడతారన్నది వచ్చేవారు తేల్చుకోవాలి. అది ఆయన మొదటి నెలలోనే మొదలుపెట్టాల్సిన పని అని మేనేజరు ఎర్ర సిరాతో రాశారు.

మూడు, కూలీలకు ఇచ్చిన మాట. ఎండలు ముదిరాక పొద్దున్న ఆరింటికి వచ్చి పన్నెండింటికి దిగిపోవచ్చని ప్రెస్సు దగ్గరి ఆడవాళ్లకు చెప్పారు. ఏప్రిల్ నుంచి దిమ్మకు 50 పైసలు పెంచుతామని కూడా అన్నారు. మొదటిది యజమానికి తెలుసు, రెండోది తెలియదు. యజమానికి తెలియని వాగ్దానాన్ని అప్పగింత పత్రంలో రాసేముందు ఆయనతో మాట్లాడి ఒప్పించాలి. ఆయన కాదంటే ఆ సంగతి కూలీలకు వెళ్లి చెప్పాల్సింది మీరే. కొత్తవాడి నెత్తిన పెట్టి వెళ్తే మొదటి వారంలోనే అతని మీద నమ్మకం పోతుంది.

నోటిమాట కాగితం మీదికి వచ్చినంత మాత్రాన అప్పగింత పూర్తయినట్టు కాదు. ఆ మనుషుల దగ్గరికి కొత్తవారిని తీసుకెళ్లి, మీ ఎదుటే అదే మాట మళ్లీ చెప్పించాలి. డొక్కలాయన దగ్గర సంభాషణ ఇలా సాగుతుంది:

"ఇకమీదట లెక్క ఈయనతో చూసుకోండి బాబాయ్ గారూ. ఇరవై వేలు మిగిలింది, లోడుకు ఐదు వేలే తగ్గించుకుంటారు."

"మీ మాట మీద తోలామండీ. రేపు ఈయన కాదంటే?"

"అందుకే కదండీ తీసుకొచ్చాను. రాసుకున్నాం. ఈ కాగితం చూడండి, ఇక్కడ నా సంతకం, ఇక్కడ ఈయన సంతకం."

అప్పుడు గానీ ఆ ఒప్పందం చేతులు మారదు.

మీ ఫోనులో ఉన్న సంస్థ

చిన్న సంస్థల్లో మేనేజరు మొబైల్ నంబరే సంస్థ నంబరు. జీఎస్టీ పోర్టల్లో, ఈపీఎఫ్, ఈఎస్ఐ సైట్లలో, విద్యుత్ సర్వీసుకు, ఏజెంటుతో నడిపే ఈమెయిల్‌కు ఆయన నంబరే ఉంటుంది. మార్చి 31 తర్వాత మీరు సిమ్ మార్చుకుంటే జీతాల పీఎఫ్ కట్టడం ఆగిపోతుంది.

ఇక్కడ సమయం ముఖ్యం. నెలవారీ పద్ధతిలో ఉన్న సంస్థకు జీఎస్టీఆర్-1 నెల 11న, జీఎస్టీఆర్-3బీ 20న పడతాయి. పీఎఫ్, ఈఎస్ఐ 15లోపు కట్టాలి. మీరు వెళ్లాక వచ్చే ఏప్రిల్ 11 నాటికి నంబరు మారి ఉండాలంటే మార్పు మార్చి మూడో వారంలోనే మొదలుపెట్టాలి. పోర్టల్లో ఆథరైజ్డ్ సిగ్నేటరీని మార్చడం యజమాని చేయించాల్సిన పని. డిజిటల్ సిగ్నేచర్ మీ పేరు మీదుంటే అది కొత్తవారికి పనికిరాదు, వాళ్లు కొత్తది తీసుకోవాలి. మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, దాని పాస్‌వర్డు ఎవరికీ ఇచ్చి వెళ్లకండి. మీ పేరుతో జరిగే ప్రతి ఫైలింగుకూ మీరే జవాబు చెప్పాల్సి ఉంటుంది.

మిగతా లాగిన్ల పాస్‌వర్డులు అప్పగింత పత్రంలో రాయకండి, ఆ పత్రం పదిమంది చేతుల్లో తిరుగుతుంది. లాగిన్ పేరు, ఏ నంబరుకు ఓటీపీ వస్తుంది, ఎప్పుడు మార్చాలి అన్నవి మాత్రం రాయండి. పాస్‌వర్డులు యజమానికి విడిగా సీలు కవరులో ఇవ్వండి. ఆయన మార్చుకున్నారో లేదో ఆఖరి వారం అడగండి.

నాలుగు వారాలు ఎలా గడపాలి

మొదటి వారం, మార్చి 2 నుంచి 8 వరకు, రాయడానికి. కొత్తవారు ఇంకా రాలేదు. మీరు రోజూ చేసే పని చేస్తూనే, చేసేటప్పుడే రాసుకోండి. ఒకేసారి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే రోజూ చేసే చిన్న పనులు తప్పిపోతాయి.

రెండో వారం, 9 నుంచి 15 వరకు, కొత్తవారు మీ వెంట తిరుగుతారు. మీరు చేస్తారు, వారు చూస్తారు. బయటివాళ్ల పరిచయాలు ఈ వారమే అయిపోవాలి. ఆఖరి వారానికి వదిలేస్తే, కొత్తవారికి అనుమానం వచ్చినప్పుడు మీరు పక్కన ఉండరు.

మూడో వారం, 16 నుంచి 22 వరకు, పని తిరగబడుతుంది. వారు చేస్తారు, మీరు చూస్తారు. మన ఉదాహరణలో 16న చివరి దిమ్మలు నొక్కడం, 17, 18ల్లో తనిఖీ ఏర్పాట్లు కొత్త మేనేజరే చేశారు. సూపర్‌వైజర్లు అలవాటుగా పాత మేనేజరు దగ్గరికి వచ్చి అడిగినప్పుడు, ఆయన జవాబు చెప్పలేదు, "సార్ని అడగండి" అని కొత్తాయన వైపు చూపించారు. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం. జవాబు తెలిసీ నోరు మూసుకోవడం ఆ వారం మీరు చేయాల్సిన అసలు పని.

నాలుగో వారం, 23 నుంచి 31 వరకు, మీరు పూర్తిగా పక్కకు తప్పుకుంటారు. 24న కంటైనరు నింపే రోజు మీరు యూనిట్‌లోనే ఉండండి కానీ షెడ్డు దగ్గరికి వెళ్లకండి. కొత్తవారు మీ పత్రం చూసి ఎన్నిసార్లు మీ దగ్గరికి వచ్చారో గుర్తుపెట్టుకోండి. వచ్చిన ప్రతిసారీ ఆ ప్రశ్నకు జవాబు పత్రంలో లేదన్నమాట. సాయంత్రం కూర్చుని అది చేర్చండి. 30, 31 తేదీల్లో స్టాకు లెక్క.

కొత్తవారిని నియమించడం ఆలస్యమైతే? చిన్న సంస్థల్లో ఎక్కువగా జరిగేది ఇదే. అప్పుడు సూపర్‌వైజర్లలో ఒకరికి, లేదా యజమాని ఇంటి మనిషికి ఇదే ప్రణాళికతో అప్పగించండి. ఎవరూ దొరకకపోతే యజమానికే. తేదీ మాత్రం జరపకండి. జరపాల్సి వస్తే కొత్త తేదీ రాతపూర్వకంగా, ఒక్కసారే.

లెక్కల్లో తేడా వస్తే

అప్పగింతలో గొడవలు ఎక్కువగా స్టాకు దగ్గర మొదలవుతాయి. పొట్టు తడిగా ఉన్నప్పుడు ఒక బరువు, ఎండాక ఒక బరువు. పుస్తకంలో తడి బరువు ఎక్కి ఉంటే, ఎండిన కుప్ప తూచినప్పుడు టన్నులకొద్దీ తగ్గినట్టు కనిపిస్తుంది. వెళ్లిపోయిన మేనేజరు అమ్ముకున్నాడనే మాట అక్కడి నుంచే పుడుతుంది.

దీనికి మందు ఒకటే. మీరు, కొత్తవారు, యజమాని తరఫు మనిషి, ముగ్గురూ కలిసి లెక్క తీయండి. పొట్టు తడిదా, ఎండినదా అన్నది పక్కన రాయండి. దిమ్మలు విరిగినవి, మంచివి విడిగా. డొక్కలు లోడ్ల లెక్కలో, పీచు బేళ్ల లెక్కలో. కాగితం కింద ముగ్గురి సంతకాలు, తేదీ, వేళ. తేడా కనిపిస్తే దాచకుండా ఆ కాగితం మీదే రాసి, కారణం తెలిస్తే కారణం, తెలియకపోతే "కారణం తేలాలి" అని రాయండి. సంతకం లేని లెక్కను ఏ ఆరు నెలల తర్వాతో ఎవరో ఒకరు తిరగేస్తారు.

ఆఖరి రోజు, ఆ తర్వాత

మార్చి 31 సాయంత్రానికి మీ చేతిలో నాలుగు కాగితాలుండాలి: రాజీనామా అంగీకరించిన లేఖ, సంతకాలు పడిన అప్పగింత పత్రం కాపీ, స్టాకు లెక్క కాపీ, రిలీవింగ్ లెటరు. ఆరేళ్లు పనిచేశారు కాబట్టి మన మేనేజరుకు గ్రాట్యుటీ వస్తుంది. అయిదేళ్లు నిండిన ఉద్యోగికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కట్టాలి, నెలకు 26 రోజుల లెక్కన. వాడుకోని సెలవుల సొమ్ము సంస్థ నియమాలను బట్టి ఉంటుంది. ఇవి ఎప్పుడిస్తారో రిలీవింగ్ లెటర్లోనే రాయించుకోండి.

పీఎఫ్ ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీని సంస్థ నమోదు చేయాలి. అది లేకపోతే పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకోవడంలో చిక్కు వస్తుంది. సంస్థ పట్టించుకోకపోతే, మానేసిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్లో ఆధార్ ఓటీపీతో మీరే నమోదు చేసుకోవచ్చు.

ఇక ఫోన్లు. పూర్తిగా ఎత్తకపోవడం మన ఊళ్లలో కుదరదు, పెళ్లిళ్లలో, తీర్థాల్లో ఎదురుపడే మనుషులు వాళ్లు. అందుకని ముందే హద్దు పెట్టుకోండి. మొదటి రెండు వారాలు సాయంత్రం ఏడు తర్వాత కొత్త మేనేజరు ఒక్కరే ఫోను చేయవచ్చు. సూపర్‌వైజర్లు, డొక్కలవాళ్లు నేరుగా చేస్తే "మీ సార్ని అడగండి" అని పెట్టేయండి. ఏప్రిల్ 15 తర్వాత ఫోను వచ్చిందంటే, ఆ ప్రశ్న మీ పత్రంలో ఏ పేజీలో ఉండాల్సిందో అదే చెప్పి, వారి చేత అక్కడ రాయించండి. ఆ పత్రం తర్వాత వచ్చే మేనేజరుకు కూడా పనికొస్తుంది.

ఈ వారం మీరు చేయాల్సింది

రాజీనామా ఆలోచన లేకపోయినా ఇది చేసి చూడండి. మీ చేతిలో ఉన్న పనుల్లో అతి పెద్దది ఒకటి తీసుకుని, నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి, మీ కింద పనిచేసేవారిలో ఒకరికి ఇవ్వండి. ఆ కాగితం చూసి, మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా, రేపటి పని ఆయన మొదలుపెట్టగలరా? అడగాల్సి వచ్చిన ప్రశ్నలు రాసుకోండి. మీ అప్పగింత పత్రంలో మొదట నింపాల్సిన ఖాళీలు అవే.